కథ చదివి చెప్పండి: నాలుగు చీరలూ ఒక జాకెట్టు ముక్కా

కలువరేకు

అందరికీ నమస్కారం. నేను ఇంగ్లండులో రెడింగ్ దగ్గర ఉంటాను. మా వీధిలో ఒకావిడ 49 ఏళ్ళ వయసులో కారు నేర్చుకోవడానికి థియరీ పరీక్షకి చదువుతుంటే చూసి ఈ కథ మొదలుపెట్టాను. పేర్లు, ఇంటి విషయాలు అన్నీ మార్చాను. ఆ పరీక్షలో ప్రశ్నలతో పాటు, రోడ్డు వీడియోలు చూస్తూ ప్రమాదం రాగానే మౌస్ నొక్కే భాగం కూడా ఉంటుంది. నాకు రెండు అనుమానాలు ఉన్నాయి. పరీక్ష సంగతులు సరిగ్గా రాశానా? పరీక్షకి ముందే కథ ఆపేయడం బాగుందా? మధ్యలో కొంత వదిలేసి ముఖ్యమైన భాగం పెడుతున్నాను.

రాత్రి తొమ్మిదిన్నరకి సరోజ వంటింటి బల్ల తుడిచి, తడి ఆరేదాకా ఆగి, పుస్తకం తెరిచింది. పొయ్యి మీద తోడుకి పాలు కాగుతున్నాయి. ఎదురుగా భర్త ప్రసాదరావు కూర్చున్నాడు. రెండు కళ్ళకీ గ్లకోమా వచ్చి పక్క చూపు తగ్గిందని తేలాక అతని లైసెన్సు పోయింది. కారు ఆరు వారాలుగా ఇంటి ముందు కదలకుండా ఉంది. సరోజ పనిచేసే వృద్ధుల హోమ్‌లో ఆదివారం ఉదయం ఏడింటికల్లా పొయ్యి వెలిగించాలి. ఆదివారం మొదటి బస్సు ఎనిమిది దాటాక గానీ రాదు.

"ముప్ఫై మైళ్ళ వేగంలో వెళ్తుంటే కారు ఆగడానికి ఎంత దూరం?" అన్నాడు.

"ఇరవై మూడు మీటర్లు."

"అంటే ఎంత?"

"ఇరవై మూడు అంటే ఇరవై మూడే."

"ఆరు కార్ల పొడవు" అన్నాడు. ఆమెకి ఆరు కార్లు వరసగా కళ్ళ ముందుకి రాలేదు. కాసేపు ఆలోచించి, చీర ఐదున్నర మీటర్లు అనుకుంది. నాలుగు చీరలు కొసకి కొస పరిస్తే ఇరవై రెండు. ఇంకో మీటరు, జాకెట్టు ముక్క. తెనాలిలో వాళ్ళమ్మ డాబా మీద ఉతికిన చీరలు ఆరేసినట్టు రోడ్డంతా చీరలు కనిపించాయి. మొదటి చీర అంతా దాటి, రెండో దాంట్లో సగం దాటాక గానీ కాలు బ్రేకు మీద పడదు. ఆ తర్వాత మిగతా చీరలన్నీ కారు ఆగడానికే. వాన పడితే ఎనిమిది చీరలు, రెండు ముక్కలు.

తర్వాతి ప్రశ్న అతనే చదివాడు. హెడ్‌లైట్లు ఒకసారి వెలిగించి ఆర్పడం దేనికి?

"ఇదేముంది, నువ్వు వెళ్ళు అని. ఇక్కడ అందరూ అలాగే చేస్తారు, పదిహేనేళ్ళు నడిపాను."

సరోజకి గుంటూరు రోడ్డు గుర్తొచ్చింది. ఎదురుగా లారీ లైటు కొట్టిందంటే నేను వస్తున్నా, నువ్వు ఆగు అని. "నేనున్నాను, చూసుకోండి అని చెప్పడానికి" అంది.

అతను వెనక పేజీలు తిప్పి జవాబు చూశాడు. ఏమీ అనకుండా ఆమె చెప్పినదాని పక్కన టిక్కు పెట్టాడు.

పదింటికి కూతురు పెట్టి వెళ్ళిన లాప్‌టాప్ దగ్గరికి జరిగింది. వీడియోలో సన్నటి వీధి. ఎడమ పక్కన ఐస్‌క్రీమ్ బండి ఆగి ఉంది. బండి కనబడగానే సరోజ మౌస్ నొక్కింది. బండి వెనక నుంచి పిల్లవాడు రోడ్డు మీదకి వచ్చాడు. వీడియో ఆగింది. సున్నా. ముందే నొక్కినందుకు ఐదు మార్కులూ కోసేశారు. పొయ్యి మీద పాలు అంచుల దగ్గర నురగ కట్టాయి. లేచి మంట తగ్గించి వచ్చి కూర్చుంది. మళ్ళీ మొదటి నుంచి పెట్టి, ఈసారి చెయ్యి మౌస్ మీదే ఉంచి, బండి వైపు చూస్తూ ఉండిపోయింది.

ఇక్కడితో అయిపోతుంది.

గోదారిగట్టు

కలువరేకు గారూ, చీరలు చాలా బాగున్నాయి. మాది రాజమండ్రి. అమ్మలందరూ అన్నీ చీరల్లోనే కొలిచేవాళ్ళు, వాకిలి ఎంతో చెప్పాలన్నా చీరే. టిక్కు పెట్టే చోట ప్రసాదరావు ఏమీ అనకపోవడం నాకు చాలా నచ్చింది. పరీక్ష సంగతులు నాకు తెలియవు.

రవి_మిల్టన్‌కీన్స్

కథ బాగుంది. రెండు మూడు సవరణలు. 23 మీటర్లు అనేది పాత కార్ల లెక్క. ఇప్పటి బ్రేకులకి అంత దూరం పట్టదు, ఆ సంఖ్య తీసేయండి. రెండోది, తెలుగులో హెడ్‌ఫోన్ పెట్టుకుని వినే సౌకర్యం ఉంటుంది. నాకు తెలిసినాయన పూర్వం తన భాషలోనే విని రాశారు. సరోజ ఇంగ్లీషుతో కుస్తీ పడక్కర్లేదు. మూడోది, ప్రమాదాల వీడియోలో ఒక్కసారే నొక్కాలి. ఎక్కువ సార్లు నొక్కితే సున్నా ఇస్తారు. ఆ విషయం కథలో చెప్పండి.

స్టీరింగ్ మాస్టారు

నేను కోవెంట్రీలో 14 ఏళ్ళుగా డ్రైవింగ్ నేర్పుతున్నాను. రవి గారు చెప్పినవాటిలో కొంత నిజం ఉంది, అందుకే విడదీసి చెప్పాలి.

ఇప్పటి కార్ల బ్రేకులు మెరుగైన మాట నిజమే. కానీ పరీక్షలో అడిగేది ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్‌లో ఉన్న పట్టిక. ముప్ఫైకి 23 మీటర్లే. అందులో మొదటి 9 మీటర్లు మనిషి చూసి, కాలు కదిపేలోపు పోయే దూరం. బ్రేకులు ఎంత కొత్తవైనా ఆ తొమ్మిది తగ్గదు. సరోజ చీరల లెక్క సరిగ్గానే ఉంది, ముట్టుకోవద్దు.

భాష సంగతి. ఒకప్పుడు 19 విదేశీ భాషల్లో వినిపించేవాళ్ళు. 2014 ఏప్రిల్ 7 నుంచి అది తీసేశారు. ఇప్పుడు ఇంగ్లీషు, వెల్ష్ రెండే. దుబాసీని తీసుకెళ్ళడం కూడా కుదరదు. ఇంగ్లీషులో చదివి వినిపించమని మాత్రం బుకింగ్ అప్పుడే అడగవచ్చు. చదవడం కన్నా వినడం సులువుగా ఉండేవాళ్ళకి అది ఉపయోగం.

ఇక వీడియో. కలువరేకు గారూ, మీ కథలో తప్పు ఇక్కడే ఉంది, అదీ కథకి కీలకమైన చోట. ముందే నొక్కితే మార్కులు కోయరు. ఆ నొక్కు లెక్కలోకి రాదు, అంతే. ప్రమాదం మొదలైన క్షణం నుంచి కొద్ది సెకన్లు ఒక కిటికీ తెరిచి ఉంటుంది అనుకోండి. కిటికీ తెరుచుకోగానే నొక్కితే 5, ఆలస్యం అయ్యే కొద్దీ 4, 3, 2, 1. మూసుకున్నాక సున్నా. సరోజకి సున్నా వచ్చింది బండి చూసి నొక్కినందుకు కాదు. పిల్లవాడు కదిలినప్పుడు రెండోసారి నొక్కనందుకు.

ఒక్కసారే నొక్కాలన్నది అందుకే తప్పు. గడియారంలా టిక్కు టిక్కుమని ఒకే వరసలో నొక్కినా, ఆపకుండా నొక్కినా ఆ వీడియోకి సున్నా. అంతేగానీ రెండు మూడు సార్లు విడివిడిగా నొక్కితే ఏమీ కాదు.

సుభద్ర_లూటన్

మాస్టారు గారు చెప్పింది అక్షరాలా నాకు జరిగింది. నాకు 52. ప్రశ్నల్లో 50కి 46 వచ్చాయి. 43 వస్తే చాలు కాబట్టి సంతోషంగానే ఉన్నాను. వీడియోల్లో 75కి 41. అక్కడ 44 రావాలి. మూడు మార్కులతో పోయింది. ప్రశ్నల్లో పాసైనా లాభం లేదు, రెండూ మళ్ళీ మొదటి నుంచి రాయాలి, మళ్ళీ 23 పౌండ్లు కట్టాలి. బయటికి వచ్చి బస్‌స్టాపులో కూర్చుని ఏడ్చాను అమ్మా. ఇంటికి ఫోన్ చెయ్యలేకపోయాను.

రెండోసారి మా అబ్బాయి పక్కన కూర్చుని ఎందుకు నొక్కుతున్నావు, ఎందుకు నొక్కడం లేదు అని ప్రతి వీడియోకీ అడిగాడు. అప్పుడు తెలిసింది, నేను ప్రమాదం వస్తుందని తెలిసి ముందే నొక్కేసి, నా పని అయిపోయింది అనుకుని ఊరుకుంటున్నానని. పిల్లల్ని పెంచినవాళ్ళకి బండి కనబడగానే పిల్లాడు వస్తాడని తెలుస్తుంది కదా. మూడోసారికి పాసయ్యాను. రెండోసారి టెన్షన్‌లో ప్రశ్నల్లోనే పోయింది, 41.

ఇంగ్లీషు మాటలు కూడా కథలో రావాలి. నాకు రోడ్డు గుర్తులు ఎప్పుడూ కష్టం కాలేదు. కెర్బ్, వెర్జ్, స్టేషనరీ, ఇవి తికమక పెట్టేవి. స్టేషనరీ వెహికల్ అంటే ఆగి ఉన్న బండి అని తెలియక పుస్తకాలు, పెన్నులు అమ్మే బండి అనుకుని ఒక ప్రశ్న తప్పు పెట్టాను. తర్వాత ప్రతి మాటకీ తెలుగులో రాసి ఫ్రిజ్ మీద అంటించుకున్నాను. కెర్బ్ అంటే కాలిబాట అంచు గట్టు. వెర్జ్ అంటే రోడ్డు పక్కన గడ్డి.

నల్గొండ నరేష్

నేను ఈ సంవత్సరమే వచ్చాను. నాకు ఇండియా లైసెన్సు ఉంది, ఎనిమిదేళ్ళు నడిపాను. నేను కూడా ఈ థియరీ రాయాలా? లేక మార్చుకుంటే సరిపోతుందా? ప్రాక్టికల్ తారీఖు తొందరగా దొరకాలంటే ఎలా?

స్టీరింగ్ మాస్టారు

నరేష్ గారూ, ఇది కథ గురించి నడుస్తున్న చర్చ, కాబట్టి క్లుప్తంగా చెప్తాను. మీరు ఇక్కడ నివాసం మొదలుపెట్టిన రోజు నుంచి 12 నెలలు ఆ లైసెన్సుతో నడపవచ్చు. మార్చి ఇచ్చే దేశాల జాబితాలో ఇండియా లేదు. ఏడాది అయ్యేలోపు ప్రొవిజనల్, అంటే నేర్చుకునేవాళ్ళ లైసెన్సు తీసుకుని థియరీ, ప్రాక్టికల్ రెండూ పాసవ్వాలి. థియరీ పాసైతే అది రెండేళ్ళే చెల్లుతుంది. ప్రాక్టికల్ తారీఖు గురించి వేరే చోట అడగండి, అక్కడ చెప్తాను.

కలువరేకు

మాస్టారూ, సుభద్ర గారూ, చాలా థాంక్స్. మార్కులు కోస్తారని నాకు ఎవరో చెప్తే నమ్మేశాను. ఇప్పుడు ఆలోచిస్తే కథ అంతా ఆ తప్పు మీదే నిలబడింది. సరోజ ఆత్రపడింది కాబట్టి శిక్ష పడింది అన్నట్టు రాశాను. నిజానికి ఆమె చూసింది సరైనదే అయితే మరి ఆ సున్నాకి అర్థం ఏమిటి? ఒక వీడియోలో అసలు ఏం జరుగుతుందో కాస్త వివరంగా చెప్తారా మాస్టారూ? సెకన్లతో సహా. నేను ఇంట్లో ఒకటి రెండే చూశాను.

స్టీరింగ్ మాస్టారు

మీ ఐస్‌క్రీమ్ బండినే తీసుకుందాం. వీడియో దాదాపు నిమిషం ఉంటుంది. సెకన్లు ఉజ్జాయింపుగా నేను వేస్తున్నాను.

మొదటి పదిహేను సెకన్లు మామూలు రోడ్డు. ఇరవయ్యో సెకను దగ్గర దూరంగా బండి కనిపిస్తుంది. అది ప్రమాదం కావచ్చు, కాకపోవచ్చు. ఆ క్షణంలో మీరు వేగం మార్చరు, పక్కకి తిప్పరు, చూపు మాత్రం అక్కడ పెడతారు. ఇక్కడ నొక్కితే తప్పు లేదు, మార్కూ లేదు. ఇరవై ఆరో సెకనులో బండి ముందు భాగం పక్కన పిల్లవాడు కనిపిస్తాడు, మొహం అటు తిప్పి ఉంటుంది. ఇరవై ఎనిమిదిలో రోడ్డు వైపు అడుగు వేస్తాడు. కిటికీ తెరుచుకునేది ఇక్కడ. ఇప్పుడు మీరు నిజంగా కారులో ఉంటే కాలు బ్రేకు మీదకి పోతుంది. వేగమో దారో మార్చుకోవాల్సి రావడమే గీటురాయి. ముప్ఫై మూడో సెకనుకి పిల్లవాడు రోడ్డు మధ్యలో ఉంటాడు, కిటికీ మూసుకుంటుంది.

నేను నా దగ్గర నేర్చుకునేవాళ్ళకి చెప్పేది ఇది. అనుమానం వచ్చినప్పుడు ఒకసారి నొక్కు, అది నిజమైనప్పుడు ఒకసారి నొక్కు, ఒక్క క్షణం ఆగి ఇంకోసారి నొక్కు. మూడోది ఎందుకంటే, రెండోది కిటికీ తెరవడానికి వెంట్రుకవాసి ముందు పడి ఉంటే మూడోది కాపాడుతుంది.

మొత్తం 14 వీడియోలు, ప్రమాదాలు 15. ఒక దాంట్లో రెండు ఉంటాయి, ఏ దాంట్లో అన్నది చెప్పరు. అందుకే మొదటిది అయిపోగానే చెయ్యి తీసేయకూడదు. ఇంట్లో సాధన చేసేటప్పుడు వీడియో మళ్ళీ పెట్టుకోవచ్చు, అసలు పరీక్షలో ఒక్కసారే. మీ కథలో ఆమె మళ్ళీ మొదటి నుంచి పెట్టడం ఇంట్లో కాబట్టి సరిపోయింది.

ఇంకొకటి. అనుభవం ఉన్న డ్రైవర్లు ఇందులో తప్పడం నేను తరచుగా చూస్తాను. వాళ్ళు అందరికన్నా ముందు చూస్తారు, ఒకసారి నొక్కి వదిలేస్తారు. చూపు లేక కాదు, చూపు ఎక్కువై. సరోజ కారు నడపకపోయినా సుభద్ర గారు చెప్పినట్టు పిల్లల్ని పెంచిన చూపు ఆమెకి ఉంది.

కొత్తపెన్ను

అక్కా, నేను ఒక మాట చెప్పనా? మీకు కావలసింది మీ కథలోనే ఉంది. పాలు. పొయ్యి మీద పాలగిన్నె ఉందంటే పొంగే అవకాశం ఉన్నట్టే, కానీ ఎవరూ అప్పుడే మంట తగ్గించరు. అంచుల దగ్గర నురగ లేచినప్పుడు లేస్తాం. పొంగి పొయ్యి మీద పడ్డాక లేచినా లాభం లేదు. మాస్టారు చెప్పిన కిటికీ అదే కదా. సరోజ సరిగ్గా సమయానికి లేచి మంట తగ్గించింది అని మీరే రాశారు, సున్నా వచ్చిన వెంటనే. ఆ రెండూ ఆమె కలుపుకుంటే కథ పూర్తవుతుంది.

గోదారిగట్టు

పాలు అక్కడ ఉండడం నాకూ కనిపించింది, కానీ ఆమె కలుపుకోకూడదు అని నా అభిప్రాయం. "ఓహో, ఇది పాలు పొంగడం లాంటిదే" అని సరోజ అనుకుంటే అది రచయిత మాట అవుతుంది. చీరల లెక్క ఆమె మాటే, ఎందుకంటే ఆమెకి కొలత కావాలి, దొరికినదానితో కొలిచింది. పాల దగ్గర ఆమె ఆలోచించదు. చెయ్యి తనంతట తను వెళ్తుంది. దాన్ని అలాగే వదిలేయండి. ఆమె మూడు సార్లు నొక్కడం చూపించండి చాలు.

కొత్తపెన్ను

అలా వదిలేస్తే ఇంగ్లండు పరీక్ష తెలియని మాలాంటివాళ్ళకి అర్థం కాదండీ. నేను మాస్టారు వివరించేదాకా ఆ సున్నా ఎందుకొచ్చిందో పట్టుకోలేదు. ఒక్క వాక్యం ఉండాలి.

రవి_మిల్టన్‌కీన్స్

మాస్టారూ, తెలుసుకున్నాను. నేను ఒక్కసారే నొక్కి 52తో పాసయ్యాను కాబట్టి అదే పద్ధతి అనుకున్నాను. నా చెల్లెలికి కూడా అదే చెప్పాను, ఇవాళే ఫోన్ చేసి మారుస్తాను. అయినా హెడ్‌లైట్ల విషయంలో ప్రసాదరావు వైపు నేను మాట్లాడతాను. ఇక్కడ నిజంగానే అందరూ దారి ఇవ్వడానికే లైటు కొడతారు. పుస్తకంలో ఒకటి, రోడ్డు మీద ఒకటి. ఆయన తప్పేమీ చెప్పలేదు.

స్టీరింగ్ మాస్టారు

రోడ్డు మీద జరిగేది మీరన్నదే. అయినా లైటు కొట్టినవాడు మీకే కొట్టాడని ఎలా తెలుస్తుంది? మీ వెనక నడిచి వెళ్తున్న మనిషికి కావచ్చు, అద్దంలో మీకు కనబడని సైకిల్‌కి కావచ్చు. పొరపాటున చెయ్యి తగిలి ఉండవచ్చు. లైటు చూసి ముందుకి పోయి గుద్దుకున్నాక "ఆయన వెళ్ళమన్నాడు" అంటే కుదరదు. హైవే కోడ్ చెప్పేది కూడా అదే, లైటు పిలుపు అనుకోవద్దు, మీరే చూసుకుని కదలండి అని. గుంటూరు లారీ అర్థం కూడా పూర్తిగా సరి కాదు, "నువ్వు ఆగు" అన్న రెండో ముక్క ఈ పుస్తకంలో లేదు. "నేనున్నాను" అన్న మొదటి ముక్కే ఉంది. సరోజ ఆ ఒక్క ముక్కే చెప్పింది, బాగుంది.

సుభద్ర_లూటన్

నాకు ముగింపు గురించి చెప్పాలని ఉంది. ఆమె పాసైందో లేదో చెప్పండి కలువరేకు గారూ. నాలాంటివాళ్ళు చదివేది అందుకే. బల్ల దగ్గర ఆపేస్తే ఆదివారం ఏడింటికి పొయ్యి ఎవరు వెలిగించారు అని నాకు రాత్రంతా ఆలోచనే. థియరీ పాసైనా వెంటనే ఒంటరిగా కారు తీయడానికి వీల్లేదు, అది నిజమే. మళ్ళీ ఎన్ని నెలలో. మరి అప్పటిదాకా ఆమెని ఎవరు దించుతున్నారు? ప్రసాదరావు పక్కన కూర్చుని నేర్పడానికి కూడా లైసెన్సు లేదు కదా.

కలువరేకు

సుభద్ర గారూ, ఆ చివరి మాట నాకు తట్టనే లేదు. పక్కన కూర్చునే మనిషికి పూర్తి లైసెన్సు ఉండాలి, ఆయనకి లేదు. అంటే పదిహేనేళ్ళు నడిపిన మనిషి నేర్పగలిగే చోటు ఇల్లంతటిలో ఈ బల్ల ఒక్కటే. అది కథలోకి రావాలి. ఆయన రోజూ రాత్రి పుస్తకం పట్టుకుని కూర్చునేది అందుకే అని నాకు ఇప్పుడు తెలుస్తోంది.

ఆఖరి పేరా మార్చి రాశాను. చూడండి.

వీడియో ఆగింది. సున్నా. "బండి చూడగానే నొక్కాను కదా" అంది సరోజ.

"బండిని చూసి నొక్కావు. వాడు కదిలినప్పుడు?"

ఆమె మాట్లాడలేదు. పాలు అంచుల దగ్గర నురగ కట్టాయి. తల తిప్పకుండానే లేచి మంట తగ్గించి వచ్చింది. ప్రసాదరావు కుర్చీ ఆమె పక్కకి, ఎడమ వైపుకి జరుపుకున్నాడు. కారులో అయితే ఇన్నాళ్ళూ అక్కడ ఆమె కూర్చునేది.

వీడియో మళ్ళీ మొదలైంది. దూరంగా బండి. ఒకసారి నొక్కింది. చెయ్యి తీయలేదు. బండి పక్కన చిన్న బూట్లు. పిల్లవాడు అడుగు వేశాడు. నొక్కింది. ఒక్క క్షణం ఆగి మళ్ళీ నొక్కింది.

"నాలుగు" అన్నాడు అతను, తెరకి బాగా దగ్గరగా వంగి చదివి.

"ఐదో మార్కు ఎక్కడ పోయింది?"

"మళ్ళీ పెట్టు."

గోదారిగట్టు

"తల తిప్పకుండానే" చాలు, ఇంకేమీ కలపకండి. కుర్చీ జరపడం చాలా బాగుంది.

కొత్తపెన్ను

పాల గురించి నా మాట నాదే, ఒక్క వాక్యం ఉంటే బాగుండేది. కానీ ఈసారి సున్నా ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పకుండానే అర్థమైంది.

స్టీరింగ్ మాస్టారు

నాలుగు రావడం నిజానికి దగ్గరగా ఉంది. మొదట్లో అందరికీ మూడు, నాలుగే వస్తాయి. పిల్లవాడి బూట్లు కనబడినప్పుడు ఇంకోసారి నొక్కాలా వద్దా అని నన్ను అడిగితే, వీడియోని బట్టి ఉంటుంది, ఖచ్చితంగా చెప్పలేను.

సుభద్ర_లూటన్

బాగుంది అమ్మా. కానీ పాసైందా లేదా?